చివరి తేదీ, తదుపరి తేదీ: ఒక కన్సల్టెంట్ పరిచయాల షీట్‌పై కేస్ స్టడీ

నేపథ్యం

బెంగళూరులో ఉద్యోగం వదిలి సొంతంగా పని మొదలుపెట్టేవారికి నేను సలహాదారుగా పనిచేస్తున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది ఐటీ రంగంలో పదిహేను, ఇరవై ఏళ్లు గడిపిన తెలుగువారు. ఈ కేసులోని వ్యక్తిని గుర్తుపట్టే వీలు లేకుండా ఊరు, సంస్థ, కుటుంబ వివరాలు తీసేశాను, కొన్నిటిని మార్చాను. షీట్ నిర్మాణం, అందులో వచ్చిన చిక్కులు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

ఆయన వయసు నలభై అయిదు దాటింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ విభాగంలో మేనేజరుగా పనిచేసి, చిన్న కంపెనీలకు టెస్టింగ్ పద్ధతులు ఏర్పాటు చేసిపెట్టే స్వతంత్ర కన్సల్టెంటుగా మారారు. ఇలాంటి పనికి ప్రకటనలతో గిరాకీ రాదు. ఒకప్పుడు కలిసి పనిచేసినవాళ్లు వేరే కంపెనీలకు వెళ్లి, అక్కడ అవసరం వచ్చినప్పుడు ఈయన గుర్తుకు వస్తేనే పని దొరుకుతుంది. ఆయన ఫోనులో తొమ్మిది వందలకు పైగా నంబర్లున్నా, మొదటి రెండు ప్రాజెక్టులు ముగిశాక మూడోది రాలేదు.

వచ్చిన సమస్య

పాత సహోద్యోగి ఒకరు సరిగ్గా ఈయన చేసే పనినే వేరొకరికి అప్పగించారని తెలిసి, ఈయన ఫోన్ చేశారు. అవతలివారు నొచ్చుకుంటూ, "అయ్యో, మీరు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారనుకున్నానండీ, ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది కదా" అన్నారు. ఈయన మాత్రం ఉద్యోగం మానిన సంగతి ఆ మనిషికి చెప్పాననే నమ్మకంతో ఉన్నారు. నా దగ్గరకు వచ్చినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఎవరికి ఏం చెప్పానో గుర్తుపెట్టుకునేదెలా అని.

ఈ ప్రశ్నలో రెండు వేర్వేరు అవసరాలు కలిసి ఉన్నాయి. ఎవరితో ఎప్పుడు మాట్లాడాం, ఏం మాట్లాడాం అనేది జరిగిపోయిన విషయం, దాన్ని రాసిపెట్టుకుంటే చాలు. మళ్లీ ఎప్పుడు మాట్లాడాలి అనేది ప్రతిసారీ కొత్తగా తీసుకోవలసిన నిర్ణయం. ఈ రెండింటి మధ్య తేడాను మొదట్లో ఆయన పట్టించుకోలేదు. తర్వాత షీట్‌లో వచ్చిన చిక్కుల్లో చాలా వరకు మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

ముందుగా చేసినవి, అవి నిలవకపోవడానికి కారణాలు

నన్ను కలవడానికి ముందే ఆయన ఫోను క్యాలెండర్‌లో రిమైండర్లు పెట్టుకున్నారు. మీటింగులో ఉన్నప్పుడు రిమైండర్ మోగేది, వేలితో పక్కకు నెట్టేసేవారు, అంతటితో అది కనుమరుగయ్యేది. తెరమీద పేరు ఉండేది గానీ ఆ మనిషితో ఏ మాట మధ్యలో ఆగిందో ఉండేది కాదు. కారణం లేకుండా ఫోన్ చేయడం మనలో చాలామందికి ఇబ్బందిగా ఉంటుంది కనుక, ఒక్క పేరు చూసి ఎవరూ ఫోన్ తీయరు.

తర్వాత ఫోనులోని పరిచయాలన్నీ గూగుల్ కాంటాక్ట్స్ నుంచి ఎగుమతి చేసి గూగుల్ షీట్స్‌లోకి తెచ్చుకున్నారు. అందులోంచి పాలవాడు, ప్లంబరు, పిల్లల స్కూలు బస్సు డ్రైవరు వంటి నంబర్లు తీసివేయగా 210 మంది మిగిలారు. అందరికీ ముప్ఫై రోజుల గడువు పెట్టి, చివరిగా మాట్లాడిన తేదీకి ముప్ఫై కలిపే సూత్రం రాశారు. నేను ఆ షీట్ చూసేసరికి దాదాపు అన్ని వరుసలూ గడువు దాటి ఎర్రగా ఉన్నాయి.

ఇది ఎందుకు నిలవదో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ముప్ఫై రోజులకొకసారి చొప్పున 210 మందితో మాట్లాడాలంటే, ఆదివారాలతో సహా రోజుకు ఏడుగురితో మాట్లాడాలి. పని చేసుకుంటూ బతికే మనిషికి అది సాధ్యం కాదు. ఒక వారం తప్పిందంటే తర్వాతి వారానికి బాకీ రెట్టింపవుతుంది. అంతా ఎరుపే అయినప్పుడు ఆ రంగుకు అర్థం ఉండదు, షీట్ తెరవాలనే కోరికా ఉండదు.

అందువల్ల ముందు ఎంతమందిని ఉంచాలో తేల్చడానికి, వారానికి ఎంతమందితో నిజంగా మాట్లాడగలరని ఆయన్ని అడిగాను. నలుగురైదుగురు అన్నారు. మిగిలిన లెక్కంతా ఆ జవాబు నుంచే మొదలుపెట్టాం. పని ఇచ్చే వీలున్నవారు, పని ఇచ్చేవారిని పరిచయం చేయగలవారు ఎనిమిది మందికి ముప్ఫై రోజులు, పాత బృందాల్లో సన్నిహితులు ఇరవై రెండు మందికి తొంభై రోజులు, సంబంధం తెగిపోకుండా చూసుకుంటే చాలనుకున్న పద్దెనిమిది మందికి నూట ఎనభై రోజులు గడువు పెట్టాం. ఈ లెక్కన నెలకు ఎనిమిది, సుమారు ఏడు, మూడు, మొత్తం పద్దెనిమిది సంభాషణలు అవుతాయి. వారానికి నాలుగు, అయిదు. మొత్తం 48 మంది. మిగతా 162 మంది పేర్లు వేరే పేజీలో ఉంచాం, వాటికి తేదీలు లేవు. ఎవరినైనా లోపలికి తేవాలంటే ముందు ఈ లెక్క మళ్లీ చూసుకోవాలని అనుకున్నాం.

షీట్ నిర్మాణం

ఏడు కాలమ్‌లతో సరిపెట్టాం. A లో పేరు, B లో ఎలా పరిచయం, C లో గడువు రోజుల్లో, D లో చివరిగా మాట్లాడిన తేదీ, E లో ప్రత్యేకంగా అనుకున్న తేదీ, F లో తదుపరి తేదీ, G లో ఈసారి ఎత్తవలసిన మాట. ఫోన్ నంబరు కాలమ్ కావాలని ఆయన పట్టుబట్టారు గానీ నేను వద్దన్నాను. నంబర్లు ఫోనులో ఎలాగూ ఉంటాయి, మారితే అక్కడే మారతాయి, రెండు చోట్ల ఉంచితే ఒక చోట పాతబడతాయి. ప్రతి సంభాషణకూ ఒక వరుస చొప్పున ప్రత్యేక చిట్టా ఉండాలన్న ఆలోచన కూడా వచ్చింది. పెద్ద అమ్మకాల బృందానికి అది అవసరమే. ఒక్క మనిషికి మాత్రం రాసే పని రెండింతలవుతుంది, చదివే పని ఏమీ తగ్గదు.

అసలు నిర్ణయం E, F కాలమ్‌ల దగ్గర వచ్చింది. మొదట E లేదు, తదుపరి తేదీ అంటే చివరి తేదీకి గడువు కలపగా వచ్చేది మాత్రమే. కొద్ది వారాల్లోనే అది కుదరదని తెలిసింది. ఒకరు "ఏప్రిల్‌లో అప్రైజల్స్ అయ్యాక చెయ్యండి, అప్పుడు కొత్త బడ్జెట్ తెలుస్తుంది" అంటారు. షీట్ మాత్రం ఫిబ్రవరిలోనే గుర్తుచేస్తుంది. అలా గుర్తుచేయడాన్ని ఆపడానికి ఆయన మాట్లాడకుండానే చివరి తేదీని ముందుకు జరిపేవారు. అలా జరిపిన ప్రతిసారీ ఆ కాలమ్‌లో ఒక అబద్ధం చేరేది. కొన్నాళ్లకు ఏ తేదీన నిజంగా మాట్లాడారో ఆయనకే తెలియని స్థితి వచ్చింది.

దానికి విరుగుడుగా సూత్రాన్ని తీసేసి, తదుపరి తేదీని చేత్తో రాయడం మొదలుపెట్టారు. అప్పుడు ఇంకో రకం నష్టం జరిగింది. హడావుడిలో తేదీ రాయకుండా వదిలేసిన వరుసలు ఏ జాబితాలోకీ రాకుండా అడుగున ఉండిపోయాయి. ఖాళీ గడి ఏ రంగూ చూపించదు కనుక ఎవరు జారిపోయారో చెప్పేది ఏదీ లేదు.

కాబట్టి రెండూ ఉంచి, ఏది ఎప్పుడు గెలవాలో సూత్రంలోనే చెప్పాం. F2 గడిలో ఉన్నది ఇది:

```
=IF(AND(D2="",E2=""),"",IF(E2>D2,E2,D2+C2))
```

చివరి తేదీ, ప్రత్యేక తేదీ రెండూ లేకపోతే ఖాళీగా ఉంటుంది. ప్రత్యేక తేదీ చివరి సంభాషణ కంటే తర్వాతిదైతే అదే అమలవుతుంది, కాకపోతే మామూలు గడువు కలుస్తుంది. ఇందులో `E2>D2` అనే పోలిక చేసే మేలు ఒకటుంది. "ఏప్రిల్ 20న చెయ్యండి" అన్న మనిషితో ఏప్రిల్ 22న మాట్లాడి D లో ఆ తేదీ వేయగానే, E లోని పాత తేదీ దానంతట అదే చెల్లకుండా పోతుంది. E ని తుడవాలని గుర్తుపెట్టుకోనక్కర లేదు. మొదట "E ఖాళీగా లేకపోతే E" అని రాసి చూసినప్పుడు, తుడవడం మరిచిన ప్రతి వరుసా మాట్లాడిన మర్నాడు కూడా బాకీగానే కనిపించింది.

ఫోన్ ఎత్తనివారి సంగతి కూడా ఇక్కడే తేలింది. ఎత్తలేదని D లో ఆ రోజు తేదీ వేస్తే ఆ మనిషి మూడు నెలల పాటు కనిపించరు. ఏమీ వేయకపోతే రోజూ జాబితా పైనే ఉండి విసుగు తెప్పిస్తారు. అందుకని D ని ముట్టుకోకుండా E లో వారం తర్వాతి తేదీ వేయాలని నియమం పెట్టుకున్నాం. D లో తేదీ పడాలంటే రెండు వైపుల నుంచీ మాట నడిచి ఉండాలి. ఉగాదికి, సంక్రాంతికి అందరికీ ఒకేసారి పంపే శుభాకాంక్షల ఫార్వర్డు, దానికి బదులుగా వచ్చే చేతులు జోడించిన బొమ్మ లెక్కలోకి రావు. ఈ నియమం ఆయనకు మొదట కటువుగా తోచింది. "రిప్లై ఇచ్చారు కదండీ" అనేవారు. ఆ రిప్లై తర్వాత అవతలివారు ఏం చేస్తున్నారో మీకు కొత్తగా ఏమైనా తెలిసిందా అని అడిగితే, జవాబు ఆయనకే దొరికేది.

రోజూ చూసేందుకు వేరే పేజీ పెట్టాం. ప్రధాన పేజీకి People అని పేరు పెట్టి, రెండో పేజీలో ఒకే గడిలో ఈ సూత్రం రాశాం:

```
=IFERROR(SORT(FILTER(People!A2:G,
 People!F2:F<>"", People!F2:F<=TODAY()), 6, TRUE),
 "ఈ రోజు ఎవరూ లేరు")
```

గడువు వచ్చినవారు మాత్రమే, బాగా పాత బాకీ ముందుగా కనిపించేలా వస్తారు. 48 వరుసలు చూడటానికీ నాలుగు వరుసలు చూడటానికీ చాలా తేడా ఉందని ఆయన అన్నారు. నిజానికి ఆయన షీట్‌ను వదిలేయకుండా కొనసాగించడానికి ఈ పేజీయే ఎక్కువగా తోడ్పడిందని నేను అనుకుంటున్నాను.

మొదలుపెట్టిన రోజు చాలామందితో చివరిగా ఎప్పుడు మాట్లాడారో ఆయనకు తెలియదు. వాట్సాప్‌లో, కాల్ జాబితాలో దొరికినవి D లో వేశారు. దొరకనివారికి D ఖాళీగా వదిలి, E లో రాబోయే వారాలకు అయిదుగురి చొప్పున తేదీలు పంచాం. అలా పంచకుండా అందరికీ ఒకే ఊహాతేదీ వేసి ఉంటే, ఒకే గడువున్న వారంతా ఒకే ఉదయం బాకీ పడేవారు.

తేదీల దగ్గర వచ్చిన తప్పు

షీట్ బాగానే నడుస్తోందనుకున్న దశలో ఆయన ఒక సందేహంతో వచ్చారు. తొంభై రోజుల గడువున్న ఒక పాత మేనేజరు పేరు జూన్ మొదట్లో రావాలి, రాలేదు. వరుస తీసి చూస్తే D లో 05/03 అని ఉంది, అంటే ఆయన లెక్కన మార్చి 5. దానికి తొంభై కలిపితే జూన్ 3 రావాలి, F లో మాత్రం ఆగస్టు 1 ఉంది.

గూగుల్ షీట్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక ప్రాంతపు అమరిక ఉంటుంది. ఈ ఫైలులో అది United States గా ఉంది. ఆ అమరికలో ముందు నెల, తర్వాత రోజు. కాబట్టి 05/03 మే 3 అయింది, మే 3కు తొంభై కలిపితే ఆగస్టు 1. అదే షీట్‌లో 25/03 అని వేసిన వరుసలు వేరే విధంగా చెడ్డాయి. ఇరవై అయిదో నెల లేదు గనుక షీట్ దాన్ని తేదీగా తీసుకోకుండా వట్టి అక్షరాలుగా ఉంచింది, F లో #VALUE! అని వచ్చింది. ఈ రెండో తప్పు మంచిది, ఎందుకంటే కంటికి కనిపిస్తుంది. మొదటిది ఏ గుర్తూ లేకుండా మనిషిని రెండు నెలలు వెనక్కి నెట్టింది. నెలలో పన్నెండో తేదీ లోపు పడే సంభాషణలన్నిటికీ, రోజు అంకె, నెల అంకె ఒకటే అయితే తప్ప, ఈ ప్రమాదం ఉంది.

File మెనూలో Settings లోకి వెళ్లి Locale ను India గా మార్చాం. అంతటితో పాత తేదీలు సరికావు. షీట్ వాటిని అప్పటికే మే 3గా దాచుకుంది, ఇప్పుడు అదే మే 3ను 03/05 అని చూపిస్తుంది. కాబట్టి అప్పటిదాకా వేసిన తేదీలన్నీ కాల్ జాబితాతో సరిచూసి తిరిగి రాయవలసి వచ్చింది. అదే చోట Time zone కూడా చూశాం. అది అమెరికా పశ్చిమ తీరపు సమయంలో ఉంటే, బెంగళూరులో ఉదయం షీట్ తెరిచేసరికి `TODAY()` ఇంకా నిన్నటి తేదీనే ఇస్తుంది.

ఇలాంటిది మళ్లీ జరిగితే తెలియడానికి రెండు కాపలాలు పెట్టాం. చివరిగా మాట్లాడిన తేదీ భవిష్యత్తులో ఉండే వీలు లేదు కనుక, కండిషనల్ ఫార్మాటింగ్‌లో D కాలమ్‌కు ఈ నియమం ఇచ్చి నారింజ రంగు పెట్టాం:

```
=$D2>TODAY()
```

ఇది తారుమారైన తేదీలన్నిటినీ పట్టదు, తారుమారయ్యాక కూడా గతంలోనే పడేవి దీనికి దొరకవు. అక్షరాలుగా మిగిలిన తేదీలు మాత్రం దీనికి దొరుకుతాయి, ఎందుకంటే షీట్ పోలికలో అక్షరాలు ఏ అంకె కంటేనైనా పెద్దవి.

ఆ చివరి లక్షణమే రెండో కాపలాకు కారణమైంది. ఆయన ఒకసారి E లో తేదీకి బదులు "దసరా తర్వాత" అని రాశారు. అక్షరాలు అంకె కంటే పెద్దవి కనుక `E2>D2` నిజమైంది, F లోకి "దసరా తర్వాత" వచ్చింది, అది ఎన్నటికీ ఈ రోజు కంటే చిన్నది కాదు కనుక ఆ మనిషి రోజువారీ పేజీలోకి రావడం ఆగిపోయారు. ఎక్కడా ఎర్రర్ రాలేదు. దీనికి D, E కాలమ్‌లకు Data validation లో సరైన తేదీ మాత్రమే ఉండాలని నియమం పెట్టి, కాకపోతే తిరస్కరించమని ఎంచుకున్నాం. దానితో ఇంకో సౌకర్యం కలిగింది, కంప్యూటర్‌లో గడిని రెండుసార్లు నొక్కితే క్యాలెండర్ తెరుచుకుంటుంది, ముందు నెలా ముందు రోజా అన్న ప్రశ్నే రాదు. ఈ రోజు తేదీ వేయడానికి Ctrl+; చాలు. కొందరు D లో `=TODAY()` అని రాస్తుంటారు. అది రోజూ మారుతుంది గనుక ఆ మనిషితో నిత్యం మాట్లాడుతున్నట్టే ఉంటుంది, గడువు ఎప్పటికీ రాదు.

G కాలమ్ గురించి

ఏడో కాలమ్‌లో మొదట్లో ఆయన "ప్రాజెక్టు గురించి అడగాలి" అని రాసేవారు. 48 వరుసల్లో ముప్ఫైకి పైగా ఇదే మాట ఉండేది. తన అవసరం తనకు ఎలాగూ గుర్తుంటుంది, అవతలివారు చెప్పింది మరిచిపోతారు. కనుక అక్కడ అవతలివారి మాట మాత్రమే రాయాలన్నాను. "జూన్‌లో వైట్‌ఫీల్డ్ ఆఫీసుకు మారుతున్నారు, కొత్త బృందంలో టెస్టింగ్ మనుషులు లేరు" వంటిది ఒక్క వాక్యం. మూడు నెలల తర్వాత ఫోన్ చేసి "ఆఫీసు మారారా అండీ, కొత్త చోట టీమ్ కుదిరిందా" అని అడగడానికి ఆ వాక్యం సరిపోతుంది. మాట్లాడిన వెంటనే రాస్తేనే అది అలా ఉంటుంది. సాయంత్రానికి వాయిదా వేసిన రోజుల్లో ఆయన G లో "బాగా మాట్లాడారు" అని రాసి ఉండటం చూశాను.

ఆ గడిలో ఆరోగ్యం, జీతం, కుటుంబ కలహాలు రాయవద్దని కూడా చెప్పాను. అవతలివారు నమ్మి చెప్పిన మాట అది. ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాం, ఈ వరుసను ఆ మనిషే పక్కన కూర్చుని చదివితే నొచ్చుకుంటారా అని. Share లో Restricted గా ఉంచి, ఇంట్లోవాళ్లతో సహా ఎవరికీ లింకు ఇవ్వలేదు.

ఫలితం, పరిమితులు

ఏడాదికి పైగా షీట్ నడుస్తోంది. ఈ కాలంలో వచ్చిన పనుల్లో రెండు, తొంభై రోజుల గడువులో ఉన్నవారి ద్వారా వచ్చాయి. ముప్ఫై రోజుల వరుసలో ఉన్నవారి నుంచి వస్తాయని మేమిద్దరం అనుకున్నాం, రాలేదు. ఒక్క మనిషి అనుభవం నుంచి ఇంతకంటే ఎక్కువ తేల్చలేను. షీట్ లేకపోయినా ఆ పనులు వచ్చేవేమో. "మీరు ఉద్యోగంలోనే ఉన్నారనుకున్నాను" అన్న మాట మాత్రం మళ్లీ వినలేదని ఆయన చెప్పారు.

షీట్ తనంతట తాను పిలవదు. తెరిస్తేనే చెబుతుంది. ఆయన రోజూ తెరవాలనుకున్నారు, కుదరలేదు. ఇప్పుడు మంగళ, శుక్రవారాల్లో మధ్యాహ్న భోజనానికి ముందు తెరుస్తున్నారు. ఆ సమయానికి బెంగళూరు ఆఫీసుల్లో ఉదయపు మీటింగులు చాలావరకు ముగిసి ఉంటాయి, ఫోన్ ఎత్తే అవకాశం ఎక్కువ. రోజువారీ పేజీలో ఎనిమిది మందికి మించి కనిపిస్తే కొత్తవారిని చేర్చడం ఆపి, ఎవరి గడువు పెంచాలో చూస్తారు. వరుసగా మూడుసార్లు E ని ముందుకు జరపవలసి వచ్చిన మనిషిని ఏం చేయాలన్నది మా తాజా చర్చ. ఆయన అలాంటివారిని నూట ఎనభై రోజులకు మార్చాలంటున్నారు. నేనైతే తేదీలు లేని పేజీకి పంపమంటున్నాను, ఎందుకంటే ఆ వరుస ఖాళీ అయితే అక్కడి 162 మందిలో ఒకరు లోపలికి రావచ్చు. ప్రస్తుతానికి అలాంటివారు నలుగురున్నారు, ఇద్దరిని ఆయన పద్ధతిలో, ఇద్దరిని నా పద్ధతిలో ఉంచి చూస్తున్నాం.